చివితవెక్కియా రేవు నుంచి రోమ్‌కి: రైలు మేలా, కారు మేలా?

మధ్యధరా క్రూజ్ వాళ్లు టికెట్ మీద "రోమ్" అని రాస్తారు. ఓడ ఆగేది మాత్రం రోమ్‌కి 70 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న చివితవెక్కియాలో. సెలవులు మొదలవగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఓడ దిగిన రోజు, పెట్టెలతో, పిల్లలతో నగరంలోకి ఎలా చేరాలి? కారుకీ రైలుకీ తేడా ఎంతో లెక్క వేసి అడిగేవాళ్లే ఎక్కువ. హోటల్ ఏ స్టేషన్‌కి దగ్గరో చెప్పి అడిగేవాళ్లు తక్కువ. అసలు తేలేది అక్కడే.

ఏ దారిలో వెళ్లినా మొదటి అడుగు ఒక్కటే. అది సరుకు ఓడలు కూడా వచ్చే రేవు కాబట్టి లోపల కాలినడకన తిరగనివ్వరు. ఓడ దగ్గర ఉచిత బస్సు ఎక్కాలి. అది రేవు బయట లార్గో దెల్లా పాచె అనే చోట దింపుతుంది. బోర్డులు కనబడక జనం తికమకపడేది ఇక్కడే. దిగగానే "రోమా, రోమా" అని కేకలేసేవాళ్లు చుట్టూ చేరతారు. వాళ్లలో చాలామంది వ్యాన్లవాళ్లూ టూర్లు అమ్ముకునేవాళ్లూ. రైల్వే స్టేషన్ అక్కడ లేదు, ఇంకా ఒకటిన్నర కిలోమీటరు పైనే ఉంది. స్టేషన్‌కి వెళ్లే లోకల్ బస్సు అక్కడే ఆగుతుంది, టికెట్ సుమారు 2 యూరోలు. పెట్టెలు లేకపోతే పాతిక నిమిషాల్లో నడిచి వెళ్లిపోవచ్చు. సముద్రం కుడిచేతి వైపు ఉండేలా, మైకెలాంజెలో పేరున్న పాత కోట దాటుకుని తీరం వెంట దక్షిణంగా సాగితే చాలు. చక్రాల పెట్టెలుంటే ఈ నడక పెట్టుకోకండి.

ముందు కారు సంగతి. ముందే బుక్ చేసుకున్న కారు లేదా వ్యాన్‌కి సాధారణంగా 150 యూరోల పైనే అవుతుంది. డ్రైవర్ పేరు రాసిన బోర్డు పట్టుకుని నిలబడతాడు, పెట్టెలు డిక్కీలో పెడతాడు, గంటంపావు నుంచి గంటన్నరలో హోటల్ గుమ్మం ముందు దింపుతాడు. పొద్దున పూట రోమ్ ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ పట్టొచ్చు. బుక్ చేయకుండా దిగి టాక్సీ కోసం చూడటం మాత్రం వేరే కథ. ఒకే పొద్దున రెండు మూడు ఓడలు వస్తే ఉన్న నాలుగు టాక్సీలూ ముందువాళ్లు ఎక్కేస్తారు, మిగిలినవాళ్లకి వ్యాన్లవాళ్లు చెప్పిందే రేటు. హైదరాబాద్‌లోలా ఫోన్ తీసి క్యాబ్ పిలుద్దాం అనుకుని దిగకండి.

ఇక రైలు. రీజినల్ రైలు టికెట్ మనిషికి 5 యూరోలకు అటూ ఇటూ. పగటిపూట గంటకి సుమారు రెండు రైళ్లుంటాయి. ఇంటర్‌సిటీ లాంటి పెద్ద రైళ్లు కూడా ఉన్నాయి, సీటు నంబరు ఇస్తారు. కానీ ధర రెండు మూడింతలు, కొన్న రైలే ఎక్కాలి, ఓడ దిగడం ఆలస్యమైతే డబ్బు పోవచ్చు. రీజినల్‌లో ఆ బెడద తక్కువ, పైగా అది మనకు కావాల్సిన చిన్న స్టేషన్లలో కూడా ఆగుతుంది.

ఆ స్టేషన్లు గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. రోమ్ చేరాక మనకు పనికొచ్చే మొదటి స్టేషన్ Roma San Pietro, చివితవెక్కియా నుంచి ముప్పావు గంట, ఓ పది నిమిషాలు ఎక్కువ. వాటికన్ చుట్టుపక్కల హోటల్ అయితే ఇక్కడే దిగాలి, సెయింట్ పీటర్స్ చౌరస్తాకి పదిహేను నిమిషాల నడక. తర్వాత Roma Trastevere, అక్కడి నుంచి 8 నంబరు ట్రామ్ పాత నగరం వైపు వెళ్తుంది. ఆ తర్వాత Roma Ostiense, దానికి ఆనుకుని పిరమిదె మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ బి లైన్ ఎక్కితే రెండో స్టాపే కొలోసియం. చివర్న Roma Termini. జనం అలవాటుగా టెర్మినీ దాకా వెళ్లిపోతారు, పేరు విన్నది అదొక్కటే కాబట్టి. ఈ లైన్ రైళ్లు అక్కడ స్టేషన్ పక్కకి విసిరేసినట్టున్న చివరి ప్లాట్‌ఫారాల మీద ఆగుతాయి. ప్రధాన హాలుకి రావడానికే పెట్టెలు ఈడ్చుకుంటూ ఏడెనిమిది నిమిషాలు నడవాలి. హోటల్ టెర్మినీ దగ్గరే ఉంటే సరే, లేకపోతే అనవసరం.

ఒక లెక్క వేసి చూద్దాం. నలుగురు, నాలుగు పెట్టెలు, కొలోసియం దగ్గర హోటల్. ఎనిమిదికి ఓడ దిగితే రేవు బస్సు, ఊరి బస్సు కలిపి స్టేషన్ చేరేసరికి ముప్పావు గంట అనుకోండి. తొమ్మిది ప్రాంతంలో రైలు, పదికి ఒస్తియెన్సె, మెట్రోతో పదిన్నరకి హోటల్. ఖర్చు: ఊరి బస్సు 8, రైలు 20, మెట్రో తలా 1.50 చొప్పున 6, మొత్తం సుమారు 34 యూరోలు. కారయితే తొమ్మిదిన్నరకే చేరతారు. చేరి ఏం చేస్తారు? గదులు ఎక్కువగా మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇవ్వరు. ఆ గంట కోసం వంద యూరోలు ఎక్కువ పెట్టడం నాకైతే దండగే. అదే హోటల్ ఏ స్టేషన్‌కీ, మెట్రోకీ దగ్గర లేకుండా నవోనా చౌరస్తా లాంటి చోట రాళ్లు పరిచిన వీధుల్లో ఉండి, వెంట మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే, ఆ డబ్బు కారుకే పెట్టండి.

టికెట్ దగ్గర రెండు విషయాలు. స్టేషన్‌లో మెషీన్ ముందు ఓడల జనం ఒకేసారి వరస కడతారు, కాబట్టి ముందే రైల్వే యాప్‌లో కొనడం మేలు. యాప్ టికెట్‌కి రైలు ఎక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫారం దగ్గరి చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్‌కి జరిమానా తప్పదు, "కొన్నాం కదా" అంటే వినరు. రెండోది, చాలామంది సలహా ఇచ్చే BIRG అనే రోజు పాస్. సుమారు 12 యూరోలకి ఆ రోజంతా రీజినల్ రైలూ, రోమ్ మెట్రో, బస్సులూ తిరగొచ్చు. ఓడ సాయంత్రం మళ్లీ బయల్దేరుతుంటే, పొద్దున వెళ్లి తిరిగొచ్చేవాళ్లకి లాభం. మీరు దిగి రోమ్‌లోనే ఉండిపోతుంటే, ఒకవైపు రైలూ ఒక మెట్రో కలిపినా ఏడు యూరోలు దాటదు, పాస్ నష్టమే.

ఓడ కంపెనీ నడిపే బస్సు మనిషికి లెక్క కాబట్టి నలుగురికి కారు ధర దాటిపోవచ్చు. సాయంత్రం ఆ బస్సు ఆలస్యమైనా అందులో వచ్చేవాళ్ల కోసం ఓడ ఆగుతుందన్నదే దాని విలువ, దిగిపోయేవాళ్లకి దానితో పనిలేదు.

బయల్దేరే ముందు వారంలో మాత్రం ఒక మాట వెతకండి: sciopero, అంటే సమ్మె. ఇటలీలో రైల్వే సమ్మెలు ముందే ప్రకటిస్తారు. పని రోజుల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య మాత్రం కొన్ని రైళ్లు తప్పక నడపాలన్న నియమం ఉంది. ఓడ తెల్లవారుజామునే రేవులో ఆగి, మీరు మొదటి విడతలో దిగితే ఆ తొమ్మిది లోపు రైలు అందొచ్చు. సమ్మె రోజున పది తర్వాత దిగే విడత మీదైతే రైలు ఆశ వదులుకుని కారే బుక్ చేయండి, అదీ ముందు రోజే.