పదకొండేళ్లు వాడాక చెప్తున్నా: క్లచ్ లెక్కలో యూనిఫాం వేర్, యూనిఫాం ప్రెషర్

బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజీలో మాదొక చిన్న షెడ్డు. బిల్డింగ్ సైట్లలో సామాను పైకి లాగే డీజిల్ వించ్‌లు రీకండిషన్ చేస్తాం, నెలకు ఒకటో రెండో కొత్తవి కూడా తయారు చేస్తాం. ఓనరుది మదనపల్లె, నాది హిందూపురం, ఫిట్టరన్నది కదిరి, కాబట్టి షెడ్డులో కన్నడం కంటే తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. క్లచ్ ప్లేటు సైజు, స్ప్రింగుల బలం తేల్చే పని పదకొండేళ్లుగా నాది. అందుకే ఇది క్లచ్ కంపెనీల మీద రివ్యూ కాదు, ఆ లెక్క చేసే రెండు ఫార్ములాల మీద రివ్యూ. నవ్వుకుంటే నవ్వుకోండి, రోజూ వాడే పానా మీద రివ్యూ రాసేవాళ్లు ఉన్నప్పుడు ఫార్ములా మీద రాయకూడదా?

కాలేజీలో ఈ రెండింటినీ పక్కపక్కన రాయించి వదిలేశారు. ఒక రాపిడి ముఖానికి టార్క్ ఇది:

```
యూనిఫాం ప్రెషర్:  T = (2/3) * mu * F * (Ro^3 - Ri^3) / (Ro^2 - Ri^2)
యూనిఫాం వేర్:     T = mu * F * (Ro + Ri) / 2
```

Ro లైనింగ్ బయటి రేడియస్, Ri లోపలిది, F స్ప్రింగులన్నీ కలిసి నొక్కే బలం, mu రాపిడి గుణకం. ప్లేటుకు రెండు పక్కలా లైనింగ్ ఉంటే రెండుతో గుణించాలి. మొదటిది లైనింగ్ అంతటా ఒత్తిడి ఒకటే అంటుంది. రెండోది ఒత్తిడి సంగతి ఎలా ఉన్నా అరుగుదల అంతటా ఒకటే అంటుంది. లైనింగ్ ఎంత అరుగుతుందనేది అక్కడి ఒత్తిడి మీదా, అక్కడ జారే వేగం మీదా ఉంటుంది. వేగం బయటి అంచున ఎక్కువ, లోపల తక్కువ. కొత్త ప్లేటు మీద ఒత్తిడి అంతటా సమానంగా ఉందనుకుందాం, అప్పుడు బయటి అంచు ముందు అరుగుతుంది, అరిగినచోట పట్టు సడలుతుంది, ఆ బరువు లోపలి వైపుకు జరుగుతుంది, ఇలా జరిగీ జరిగీ ఒత్తిడిని రేడియస్‌తో గుణిస్తే అన్నిచోట్లా ఒకే విలువ వచ్చే దాకా వచ్చి నిలుస్తుంది. ఆ తర్వాత అరుగుదల సమం. అంటే ఈ రెండూ పోటీ సిద్ధాంతాలు కావు, ఒకే ప్లేటు వయసులో రెండు దశలు. నాకిది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది, సిగ్గేమీ లేదు.

మేం ఎక్కువగా చేసే వించ్ తీసుకుందాం. లైనింగ్ బయటి రేడియస్ 150 మి.మీ., లోపలిది 90. ఆరు కాయిల్ స్ప్రింగులు, ఒక్కోటి 900 న్యూటన్లు, మొత్తం 5400. రాపిడి గుణకం 0.3 వేసుకుంటాం. యూనిఫాం వేర్ ప్రకారం 2 × 0.3 × 5400 × 0.12 మీటర్లు, అంటే 389 న్యూటన్ మీటర్లు. యూనిఫాం ప్రెషర్‌లో ఆ 120 మి.మీ. బదులు 122.5 వస్తుంది, టార్క్ 397. తేడా ఎనిమిది, అంటే రెండు శాతం! దీనికోసం నేను మొదటి ఏడాదంతా టెన్షన్ పడ్డాను. లైనింగ్ మీద కాస్త గ్రీజు తగిలితే, లేదా వేడెక్కితే, ఆ 0.3 కాస్తా 0.25కు దిగుతుంది, అక్కడే పదిహేడు శాతం పోతుంది. స్ప్రింగు బలం తెలిసినప్పుడు ఏ ఫార్ములా వాడినా ఒకటే, ఇది ఖరాకండిగా చెప్తున్నా. లోపలి రేడియస్ మరీ చిన్నదైతే తప్ప.

ఆ "తప్ప" దగ్గరే మేం దెబ్బతిన్నాం.

ఐదారేళ్ల కిందట ఓనరు నా డ్రాయింగు చూసి, "ఏమప్పా, లోపల అంత జాగా ఖాళీగా పెట్టినావు, లైనింగ్ ఇంకా లోపలికి వేస్తే పట్టు పెరగదా?" అన్నాడు. వినడానికి సబబే. ఒక కస్టమరు కూడా ఇంకాస్త గట్టి క్లచ్ కావాలని అడుగుతున్నాడు. నేను యూనిఫాం ప్రెషర్‌లోనే ఆలోచించి, వైశాల్యం పెరిగితే సగటు ఒత్తిడి 0.119 మెగాపాస్కల్ నుంచి 0.084కు దిగుతుంది, లైనింగ్ ఎక్కువ కాలం వస్తుంది, మంచిదే కదా అని తలూపాను. లోపలి రేడియస్ 90 నుంచి 45 చేశాం. స్ప్రింగులు అవే.

మూడు నెలలు కాలేదు, వించ్ తిరిగొచ్చింది. హౌసింగ్ విప్పగానే షెడ్డంతా కాలిన వాసన, అది ముక్కులోంచి సాయంత్రం కాఫీ దాకా పోలేదు. ఫ్లైవీల్ ముఖం మీద లోపలి వైపున నీలం, ఊదా రంగు తిరిగిన చారలు, అక్కడి లైనింగ్ అద్దంలా మెరుస్తోంది. ఫిట్టరన్న గోరుతో గీకి, "ఇది కాలి గట్టిపడిందబ్బా, ఇంక పట్టదు" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని మళ్లీ లెక్క వేశాను. స్ప్రింగు బలం అదే 5400, సగటు రేడియస్ మాత్రం 120 నుంచి 97.5కు పడిపోయింది. టార్క్ 389 నుంచి 316. అంటే లైనింగ్ ఎక్కువ వేసి బలం పందొమ్మిది శాతం తగ్గించుకున్నాం. బరువు లోపలికి జరిగితే చేయి పొట్టిదవుతుంది, అంతే సంగతి. నిజానికి యూనిఫాం ప్రెషర్‌తో వేసినా 397 నుంచి 346కు తగ్గేది, నేను టార్క్ వైపు చూడకుండా ఒత్తిడి వైపే చూసి మురిసిపోయాను, తప్పు ఫార్ములాది కాదు. కానీ ఆ ఫార్ములా ఇంకో ముఖ్యమైన విషయం దాచింది. సగటు ఒత్తిడి 0.084 అని నేను సంబరపడుతుంటే, అరుగుదల సర్దుకున్నాక లోపలి అంచున అసలు ఒత్తిడి 0.182. పాత డిజైన్‌లో అది 0.159 మాత్రమే. లైనింగ్ పెంచి లోపలి అంచు మీద భారం కూడా పెంచాం. నీలం చారలు సరిగ్గా అక్కడే ఉన్నాయి.

ఫుల్ లోడులో ఆ డ్రమ్ముకు క్లచ్ దగ్గర కావలసింది 290. చల్లగా ఉన్నప్పుడు 316తో నెట్టుకొచ్చింది, వేడెక్కి గుణకం 0.25కు రాగానే 263 మిగిలింది, జారింది, జారితే ఇంకా వేడి. పాత డిజైన్ అదే వేడిలో 324 ఇస్తుంది, అందుకే అన్నేళ్లూ నోరెత్తలేదు.

రెండు ఫార్ములాల మధ్య నిజంగా పెద్ద తేడా ఎక్కడంటే, స్ప్రింగు బలం ఇంకా తేలనప్పుడు, లైనింగ్ కేటలాగులో రాసిన గరిష్ఠ ఒత్తిడి నుంచి వెనక్కి లెక్క వేసినప్పుడు. 150, 90 ప్లేటుకు గరిష్ఠ ఒత్తిడి 0.159 అనుకుంటే, యూనిఫాం ప్రెషర్ 7200 న్యూటన్ల స్ప్రింగులు పెట్టుకోవచ్చంటుంది, యూనిఫాం వేర్ 5400 దగ్గర ఆగమంటుంది. రెండు శాతం కాదు, మూడో వంతు తేడా. మొదటిది నమ్మి స్ప్రింగులు వేస్తే టార్క్ బాగానే వస్తుంది, కానీ అరుగుదల సర్దుకున్నాక లోపలి అంచు కేటలాగు గీత దాటి 0.212 మీద పనిచేస్తుంటుంది, ఆ సంగతి ఆర్నెల్ల తర్వాత వాసన చెప్తుంది. గరిష్ఠ ఒత్తిడి కట్టేసుకుని యూనిఫాం వేర్‌లో టార్క్ ఎప్పుడు ఎక్కువ వస్తుందో చూస్తే, లోపలి రేడియస్ బయటిదానికి 0.577 వంతు ఉన్నప్పుడు. 150కి అది 87. మన 90 దాదాపు అక్కడే ఉంది. ఓనరుకు ఈ ఒక్క అంకె చూపించాక ఖాళీ జాగా మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక ప్లేటు ఏ దశలో ఉందో కళ్లారా చూడాలంటే మైక్రోమీటరు చాలు. రెండేళ్లు తిరిగిన ఒక ప్లేటును పోయిన నెల విప్పాం. కొత్తప్పుడు లైనింగ్ పక్కకు 3.50 మి.మీ. లోపలి అంచున 2.86, బయటి అంచున 2.84, నడుమ 2.85. చుట్టూ ఆరుచోట్ల కొలిచినా ఇంతే. ఇది యూనిఫాం వేర్ చెప్పినట్టు తిరిగిన ప్లేటు. రెండు అంచులకూ ఓ పావు మి.మీ. తేడా వస్తే మాత్రం ఏ ఫార్ములానూ నమ్మకండి, వేడికి ప్రెషర్ ప్లేటు గిన్నెలా వంగిందని అర్థం. స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజి దూరిస్తే తెలిసిపోతుంది. రెండు ఫార్ములాలూ ముఖాలు చదునుగా, గట్టిగా ఉన్నాయనే ఊహ మీదే నిలబడ్డాయి.

రెండు ఫార్ములాల్లోనూ లేని ఒక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లైనింగ్ అరిగేకొద్దీ కాయిల్ స్ప్రింగు సాగుతుంది, బలం తగ్గుతుంది. మా స్ప్రింగు మిల్లీమీటరుకు 60 న్యూటన్లు, ఆరింటికి 360. రెండు పక్కలా కలిపి ఒకటిన్నర మి.మీ. అరిగితే 4860 మిగులుతుంది, వేడిలో టార్క్ 292, అంటే అవసరానికి అంచున. అందుకే మేం ఒకటిన్నరకు స్ప్రింగుల వెనక షిమ్ములు వేస్తాం. పైన చెప్పిన ప్లేటు 1.3 దగ్గర ఉంది, ఇంకాస్త ఆయుష్షుంది. కార్లలో ఉండే డయాఫ్రమ్ స్ప్రింగు దారి వేరు, అరిగేకొద్దీ దాని బలం మొదట కాస్త పెరిగి తర్వాత పడిపోతుంది. ఈ లెక్క దానికి అతికించకండి.

అదే వించ్‌లో డిస్క్ బ్రేక్ కూడా ఉంది. ప్యాడ్ చుట్టంతా ఉండదు, 60 డిగ్రీల ముక్క, రేడియస్‌లు అవే. టార్క్‌కు అదే సూత్రం, యూనిఫాం వేర్‌లో అదే 120 మి.మీ. కానీ పిస్టన్ మధ్యబిందువు కూడా 120లోనే పెడితే తప్పు. ప్యాడ్ వంపు తిరిగిన ముక్క కాబట్టి దాని మీది మొత్తం బలం నిలిచే చోటు ఇంకా లోపల, 114.6 దగ్గర ఉంటుంది. మేం మొదట 120లోనే పెట్టాం, ఏడాదికి ప్యాడ్లు ఏటవాలుగా అరిగి వచ్చాయి, బయటి అంచు పలచన, లోపలి అంచు మందం. కాలిపర్ బ్రాకెట్ రంధ్రాలు ఐదున్నర మి.మీ. లోపలికి జరిపాక ఆ గొడవ తగ్గింది.

యూనిఫాం వేర్‌కు నా మార్కులు ఐదుకు నాలుగున్నర. క్లచ్ ఎంత మోయగలదు అన్న ప్రశ్నకు గుణకం 0.25తో అదే వాడతాను. యూనిఫాం ప్రెషర్‌కు మూడు, దాన్నీ పారేయలేదు. గేరుబాక్సు తట్టుకుంటుందా అని చూసేటప్పుడు క్లచ్ ఎంత ఎక్కువ టార్క్ పంపగలదో తెలియాలి, అక్కడ పెద్ద అంకె కావాలి కాబట్టి యూనిఫాం ప్రెషర్‌కు 0.4 గుణకం పెట్టి 529 వేసుకుంటాను. మా డ్రాయింగుల మూలన ఇప్పుడు రెండు అంకెలూ ఉంటాయి, మోయడానికి 324, గేరుబాక్సుకు 529. ఫిట్టరన్న మొదట్లో వాటిని పార్టు నంబర్లనుకుని స్టోర్సులో వెతికించాడు.