పరీక్షకు 20 శాతమే ఉన్న మాడ్యూల్‌లో మార్కుల కాలిక్యులేటర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఈ కాలిక్యులేటర్ యాప్ చేసే పని చిన్నదే. వచ్చిన మార్కులు, రావాలనుకున్న మొత్తం ఇస్తే, చివరి పరీక్షలో ఎంత తెచ్చుకోవాలో చెబుతుంది. మొదటి సెమిస్టర్‌లో దీన్ని తోటివారందరికీ వాడమని చెప్పాను. అప్పట్లో నా సబ్జెక్టులన్నింటిలోనూ పరీక్షదే పెద్ద వాటా. కోర్సువర్క్‌కు 80, పరీక్షకు 20 శాతం ఉన్న మాడ్యూల్ వచ్చాకే దీనిలో ఏది పనికొస్తుందో, ఏది ముంచుతుందో తెలిసింది.

నాకు మండేది ఒకే ఒక్క పెట్టె మీద. మొదటి పేజీలోని 'ప్రస్తుత సగటు' అనే ఆ పెట్టె పూర్ణాంకం తప్ప మరేదీ తీసుకోదు.

నా లెక్కే చెబుతాను. 40 శాతం వాటా ఉన్న ప్రాజెక్టులో 72, 25 శాతం నివేదికల్లో 64, 15 శాతం క్విజ్‌లలో 78 వచ్చాయి. మొత్తానికి ఇవి వరుసగా 28.8, 16, 11.7 చేరుస్తాయి. అంటే 56.5 చేతిలో ఉన్నట్టే. నాకు కావలసింది 70. మిగిలిన 13.5ను పరీక్షకున్న 20లోంచి రాబట్టాలి, కాబట్టి పరీక్షలో 67.5 రావాలి. ఇదే 56.5ను 80తో భాగిస్తే సగటు 70.625. ఆ పెట్టె దాన్ని 71 చేసేసి, పరీక్షలో 66 చాలంది. 66 తెచ్చుకుంటే మొత్తం 69.7 దగ్గర ఆగిపోతుంది. దాన్ని 70గా సవరిస్తారో లేదో ఆ విద్యాసంస్థ నియమాలను బట్టి ఉంటుంది, నేనైతే దానిమీద ఆశ పెట్టుకోను.

సగటులో తేడా అర మార్కు కూడా లేదు, పరీక్షలో మాత్రం అది మార్కున్నర అయింది. ఈ మాడ్యూల్‌లో సగటులోని ఒక మార్కు మొత్తంలో 0.8కి సమానం. పరీక్షలోని ఒక మార్కు విలువ 0.2 మాత్రమే. అందుకే సగటులో ఏ చిన్న తేడా వచ్చినా పరీక్ష దగ్గరికి వచ్చేసరికి నాలుగింతలవుతుంది. పరీక్షకు 70 శాతం ఉన్న సబ్జెక్టులో ఇదే సవరింపు పావు మార్కు తేడా కూడా తేదు. మొదటి సెమిస్టర్‌లో ఈ లోపం బయటపడకపోవడానికి కారణం అదే.

దీనికి మందు ఆ యాప్‌లోనే ఉంది. రెండో పేజీలో ఒక్కో భాగాన్నీ దాని వెయిటేజీతో విడివిడిగా నింపవచ్చు. అక్కడ దశాంశాలూ తీసుకుంటుంది. వేసిన మార్కులను మరోసారి సరిచూసే మోడరేషన్ తర్వాత ప్రాజెక్టు మార్కు 72 నుంచి 69కి తగ్గినప్పుడు ఆ ఒక్క వరుస మార్చగానే 67.5 కాస్తా 73.5 అయింది. ప్రాజెక్టు వాటా పరీక్షకు రెట్టింపు కనుక పోయిన 3 మార్కులకు పరీక్షలో 6 కావాలి. తాత్కాలిక మార్కులను నమ్మి చదువు ప్రణాళిక వేసుకునేవారు ముందుగానే ఆ వరుసలో రెండు మూడు మార్కులు తగ్గించి చూసుకోవడం మంచిది.

పరీక్షలో తక్కువ మార్కులు చాలినప్పుడు ఈ యాప్ చూపే పచ్చరంగును బాగా మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకుంటున్నాను. మోడరేషన్‌కు ముందు లక్ష్యం 60 పెడితే 17.5 చాలని పచ్చగా చూపింది. మా మాడ్యూల్‌లో పరీక్షలో విడిగా 40 రాకపోతే మొత్తం ఎంతున్నా ఉత్తీర్ణత లేదు. ఆ కనీస మార్కు చెప్పడానికి ఈ యాప్‌లో చోటే లేదు. అది తెలిసి చూస్తే లెక్క స్వరూపమే మారుతుంది: మోడరేషన్ తర్వాత చేతిలో ఉన్నది 55.3, పరీక్షలో 40 వస్తే మరో 8 చేరి 63.3. అంటే గట్టెక్కితే చాలు, 60 దాటినట్టే. ఇక ఆలోచించాల్సింది 70 కోసం 73.5 తెచ్చుకోవడం గురించి మాత్రమే.

లక్ష్యం 80 పెట్టినప్పుడు 100 దగ్గర ఆపేయకుండా 123.5 అని ఉన్నదున్నట్టు చూపడం మాత్రం నాకు నిజంగా నచ్చింది. నూటికి నూరు తెచ్చుకున్నా మొత్తం 75.3 దాటదని అక్కడే తేలిపోయింది. అందుకే మిగిలిన సమయంలో కొంత భాగాన్ని పరీక్షకు ఎక్కువ వాటా ఉన్న మరో సబ్జెక్టుకు ఇచ్చాను.

నేను దీన్ని తీసేయడం లేదు, రెండో పేజీ మాత్రమే తెరుస్తున్నాను. మా క్విజ్‌లన్నీ లెక్కలోకి వస్తాయి కనుక నాకు సరిపోతోంది. అతి తక్కువ మార్కు వచ్చిన క్విజ్‌ను వదిలేసే పద్ధతి మీకుంటే ముందు ఆ సగటు చేత్తో తీసి నింపాలి. కోర్సువర్క్ మార్కులన్నీ ఖరారు కాకముందే ఒక అంకె కావాలనుకునేవారికి దీన్ని వాడమని ఇప్పటికైతే చెప్పలేను.