వన్ డ్రాప్ అని రాసుంటే నమ్మేయకండి, ముందు ఒకటో బీట్ మీద ఏముందో వినండి

మొన్న 1,800 రూపాయలు పోసి ఒక రెగే లూప్ ప్యాక్ కొన్నాను, అంటే పాటల్లో తిప్పి తిప్పి వాడుకునే రెడీమేడ్ సంగీతం ముక్కలు. డ్రమ్స్ ఫోల్డర్ మీద పెద్దగా వన్ డ్రాప్ అని ఉంది. డెమో ఫోన్ స్పీకర్‌లో విని కొనేశాను, అదే నా తప్పు, ఫోన్‌లో కిక్ డ్రమ్ దెబ్బ ఎక్కడ పడుతోందో సరిగా వినపడదు కదా.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గిటార్ చప్పుడు రెండు, నాలుగు మీద పడేలా లెక్కపెట్టాను. ఆ లెక్కలో వన్ డ్రాప్ అంటే మొదటి బీట్ మీద కిక్ ఉండకూడదు. కిక్, స్నేర్ అంచు మీద కర్ర దెబ్బ, రెండూ కలిసి మూడో బీట్ మీదే పడాలి. బాబ్ మార్లే బ్యాండ్ వెయిలర్స్‌లో డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ వాయించింది వింటే ఒకటి ఎలా జారిపోతుందో తెలుస్తుంది. నాకు దొరికిన లూపుల్లో కిక్ ఒకటి మీదా ఉంది, మూడు మీదా ఉంది. అది స్టెపర్స్ అనే ఇంకో రెగే డ్రమ్ పద్ధతి దారి. దాంట్లో తప్పేం లేదు, కానీ నేను డబ్బులిచ్చింది దానికి కాదు! ఆ ఒకటో కిక్ కోసేద్దామంటే అంతా కలిపేసిన ఒకే ఆడియో ఫైల్, కిక్‌తో పాటు హైహాట్ కూడా పోయి గుంట పడుతోంది.

గిటార్ ఇంకా ఘోరం. స్కాంక్, అంటే రెండు, నాలుగు మీద పడే ఆ గిటార్ దెబ్బ, కొట్టిన వెంటనే ఆగిపోవాలి, వీళ్లది తర్వాతి బీట్ దాకా మోగుతూనే ఉంది, పైన రివర్బ్ ఒకటి. బేస్ అయితే ఊపిరి తీసుకోకుండా ప్రతి సందూ నింపేసింది.

చివరికి విసుగొచ్చి నేనే రాసుకున్నాను, 150 బీపీఎం లెక్కలో. సన్నటి మూడు తీగలూ ఐదో ఫ్రెట్‌లో ఒకే వేలితో నొక్కితే ఎ మైనర్. రెండు, నాలుగు మీద కిందికి ఒక్క దెబ్బ, వెంటనే వేలి నొక్కుడు వదిలేయాలి, కానీ వేలు తీగల మీదే ఉండాలి, పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగలు మోగుతాయి. బేస్‌కి మొదటి బార్‌లో ఒకటి వదిలేసి రెండు మీద ఎ, మూడు మీద సి, నాలుగు మీద ఇ ఇచ్చాను. రెండో బార్‌లో ఒకటి మీద మళ్లీ ఎ, అది కూడా మూడో బీట్ రాకముందే ఆపేశాను, మిగతాదంతా ఖాళీ. మొదట్లో ఏదో మర్చిపోయినట్టు అనిపించింది, నోట్లు కలపాలని చెయ్యి దురద పెట్టింది, కానీ ఆ ఖాళీలోకే మూడో బీట్ దెబ్బ వచ్చి కూర్చుంది. బేస్‌లో ట్రెబుల్ బాగా తగ్గించాక గిటార్‌కీ చోటు దొరికింది.

రిఫండ్ అడిగితే డౌన్‌లోడ్ చేశాక ఇవ్వం అన్నారు. మీరు కొనేట్టయితే డెమో హెడ్‌ఫోన్స్‌లోనే వినండి, డ్రమ్స్, గిటార్, బేస్ విడివిడి ఫైళ్లుగా ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే అడిగేయండి.