మొత్తం ఒక్కటే దాచాలా, లెక్కంతా దాచాలా?

జీతాల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: గ్రాట్యుటీ లెక్క కట్టాక ఏం దాచాలి? వచ్చిన మొత్తం ఒక్కటి చాలా? తేదీలవారీగా నియమాల పట్టిక ఉంటే, కావలసినప్పుడు మళ్లీ లెక్క కట్టుకోవచ్చు కదా? లేక వాడిన వివరాలు, నియమం వెర్షన్, ఫలితం మూడూ ఒకేచోట ఉంచాలా?

మొదటి పద్ధతితో ఎంత ఇచ్చామో తెలుస్తుంది, ఎందుకో తెలియదు. దాన్ని అక్కడితో వదిలేద్దాం. పోటీ మిగతా రెండింటి మధ్యే.

ఒక ఉద్యోగి 1994 జూలై 1న చేరి 2018 మార్చి 31న పదవీ విరమణ చేశారనుకుందాం. మూలవేతనం, కరవు భత్యం కలిపి నెలకు 1,20,000 రూపాయలు. సర్వీసు 23 ఏళ్ల 9 నెలలు. ఆరు నెలలు మించింది కాబట్టి 24 ఏళ్లుగా లెక్కిస్తారు. జీతాన్ని 26తో భాగించి, 15తోనూ 24తోనూ గుణిస్తే 16,61,538 రూపాయలు. కానీ చట్టంలో గరిష్ఠ పరిమితి ఉంది. 2010 మే 24 నుంచి పది లక్షలుగా ఉన్న ఆ పరిమితి 2018 మార్చి 29న ఇరవై లక్షలైంది. ఆ వారం పట్టికను ఎవరూ మార్చలేదు. చేతికి పది లక్షలే వచ్చాయి.

రెండేళ్ల తర్వాత ఆయన అడిగారు. ఈలోగా పట్టిక సరిచేశారు కాబట్టి మళ్లీ లెక్క కడితే 16,61,538 వస్తుంది. ఎంత ఇవ్వాల్సిందో తేలింది. మరి ఆ రోజు పొరపాటు ఎక్కడ జరిగింది? జీతంలోనా, సర్వీసులోనా, పరిమితిలోనా? మళ్లీ కట్టిన లెక్క దీనికి జవాబు చెప్పలేదు. మూడో పద్ధతిలో ఆ రోజే దాచిన ఈ నమోదు చెబుతుంది:

```
{"wage":120000,"join":"1994-07-01",
 "exit":"2018-03-31",
 "rule":"ceiling-2010-05-24",
 "code":"a41f9c2","result":1000000}
```

జీతం, తేదీలు సరైనవే, పరిమితి పాతది. మార్చి 29న గానీ ఆ తర్వాత గానీ విరమించి ఇదే వెర్షన్ పడినవాళ్లందరినీ ఒక్క వెతుకులాటతో పట్టుకోవచ్చు. నేను మూడో పద్ధతివైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

చాలామంది తడబడేది `wage`, `join` లాంటి వాటి దగ్గర. విలువకు బదులు ఉద్యోగి నంబరు పెట్టి, వివరాలు మాస్టర్ పట్టికలో ఉన్నాయిలే అనుకుంటారు. రేపు ఎవరో చేరిన తేదీని డిసెంబరు 1గా సవరిస్తే సర్వీసు 23 ఏళ్ల 4 నెలలై 23కు దిగుతుంది, పాత లెక్కకు ఆధారం మాయమవుతుంది. ఆ రోజు చూసిన విలువనే నకలు చేసి పెట్టాలి. అలాగని ఉద్యోగి చిరునామా, బ్యాంకు ఖాతా కూడా అందులో కుక్కనక్కరలేదు. సూత్రం వాడుకున్నవి చాలు.

నమోదును ఎవరూ దిద్దలేకుండా డేటాబేస్‌లో చేర్చే హక్కు మాత్రమే ఇవ్వండి. సవరించిన లెక్కను పాతదాని పక్కన కొత్త వరుసగా రాయండి. కంపెనీ ప్రతి నెలా వేసుకునే కేటాయింపు అంచనాలకు మాత్రం ఇదంతా అక్కరలేదు, వాటిని మళ్లీ లెక్క కట్టుకుంటే సరిపోతుంది.