లూప్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్: చాలాకాలం వాడాక

ఈ సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి ప్లాంట్ డేటా దాచే హిస్టోరియన్ నుంచి ప్రతి కంట్రోల్ లూప్ కొలత PV, లక్ష్యం SP, వాల్వ్‌కు వెళ్లే అవుట్‌పుట్ OP, మోడ్ తీసుకుని, పొద్దున షిఫ్ట్ మారేసరికి బాగాలేని లూప్‌ల జాబితా ఇస్తుంది. హంటింగ్, అంటే లూప్ ఆగకుండా ఊగడం, పట్టుకోవడంలో దీన్ని నమ్మొచ్చు. కారణం మాత్రం మనమే వెళ్లి తేల్చుకోవాలి.

హంటింగ్‌ను పట్టే పద్ధతి సులువే. SP, PV తేడా సున్నాను దాటిన ప్రతిసారీ సమయం గుర్తించి, వరుస దాటుళ్ల మధ్య వ్యవధులు తీస్తుంది. ఆ వ్యవధుల సగటు వాటి స్టాండర్డ్ డీవియేషన్‌కు మూడు రెట్లు దాటితే అది క్రమం తప్పని ఊగిసలాట. ఉత్త నాయిస్‌కు అంత క్రమం ఉండదు.

రీబాయిలర్ స్టీమ్ ఫ్లో లూప్ ఒకటి ఇలాగే జాబితాకెక్కింది. AUTOలో ఉంది, SP గంటకు 10 టన్నుల దగ్గర స్థిరంగా ఉంది. PV మాత్రం 9.6 దగ్గర కాసేపు నిలబడి ఒక్కసారిగా 10.4కు ఎగురుతోంది, మళ్లీ కిందికి పడుతోంది. OP ఏమో 41 నుంచి 44 శాతం దాకా రంపపు పళ్లలా ఎక్కి దిగుతోంది. ఒక్కో చుట్టుకు ఆరు నిమిషాలు. ఈ ఆకారం చూడగానే వాల్వ్ స్టెమ్ అతుక్కుంటోందని, అంటే స్టిక్షన్ అని అనుమానించాలి. ఇంటిగ్రల్ తగ్గిస్తే చుట్టు సాగుతుందే తప్ప ఊగడం ఆగదు, అందుకే ట్యూనింగ్ జోలికి వెళ్లలేదు. ప్రొడక్షన్ వాళ్ల అనుమతితో MANలో పెట్టగానే ఊగడం ఆగింది, అంటే కారణం ఈ లూప్‌లోనే ఉంది. తర్వాత, దిగుతున్న OPని వెనక్కి తిప్పి 0.5 శాతం చొప్పున పెంచుతూ, ప్రతిసారీ నిమిషం ఆగి చూశాం. ఐదుసార్లు ఫ్లో కదల్లేదు, ఆరోసారి ఎగిరింది. గ్లాండ్ ప్యాకింగ్ అతిగా బిగించి ఉంది.

'స్టిక్షన్' అని సాఫ్ట్‌వేర్ ముద్ర వేసే లూప్‌లలో లెవల్ లూప్‌లను నమ్మకండి. PV, OPల క్రాస్ కోరిలేషన్ మీద ఆధారపడే పరీక్ష లెవల్ లాంటి ఇంటిగ్రేటింగ్ ప్రాసెస్‌కు పనికిరాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది హిస్టోరియన్ కంప్రెషన్. అది చిన్న కదలికలను గీతలా చదును చేసేస్తుంది. నిమిషానికో శాంపిల్ తీస్తే 20 సెకన్ల హంటింగ్ అసలు కనిపించదు, లేదా వేరే వ్యవధితో తప్పుగా కనిపిస్తుంది. ఫ్లో, ప్రెషర్ ట్యాగ్‌లకు కంప్రెషన్ తీసేసి, ఐదు సెకన్లకోసారి కానీ అంతకన్నా తరచుగా కానీ శాంపిల్ పెట్టించండి.

OP లిమిట్ దగ్గర ఇరుక్కోవడాన్ని పట్టే సాచురేషన్ లెక్క, మనం ఏమీ మార్చకపోతే, OP సున్నానో వందనో తాకితేనే గుర్తిస్తుంది. కంట్రోలర్‌లో హై లిమిట్ 85 పెట్టి ఉంటే OP రోజంతా 85 దగ్గరే ఇరుక్కున్నా రిపోర్ట్ శుభ్రంగా వస్తుంది. ప్రతి ట్యాగ్‌కూ దాని లిమిట్లే ఇవ్వాలి. అలా ఇరుక్కున్న లూప్ AUTOలో ఉన్నా కంట్రోల్ చేస్తున్నట్టు కాదు.

లూప్ మాన్యువల్‌లో గడిపిన సమయం శాతం విషయంలో లూప్‌కు ఉండాల్సిన మోడ్ ఏదో ముందే రాసుకోవాలి. మరో లూప్ నుంచి SP తీసుకుంటూ CASలో ఉండాల్సింది AUTOలో ఉన్నా లోపమే. స్టాండ్‌బై పంపు లూప్ MANలో ఉండటం లోపం కాదు. పంపు రన్నింగ్ సిగ్నల్‌ను షరతుగా కలిపితే అలాంటివి జాబితా నుంచి పోతాయి.