శ్రీగంధం ప్లాట్ కొనేవాళ్లు ఆ "పేబ్యాక్ 15 ఏళ్లు" లెక్క నమ్మకండి

శ్రీగంధం ఫామ్ ప్లాట్ కోసం అడ్వాన్స్ ఇవ్వబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నేను 10 లక్షలు పెట్టాను. ఏటా 50 వేలు లీజు, పదిహేనో ఏడు చివర చెట్లు కొట్టినప్పుడు నా వాటా 30 లక్షలు అని కాగితం చూపించారు. పేబ్యాక్, అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పట్టే కాలం, 14.1 ఏళ్లు, రాబోయే డబ్బును నేటి విలువకు తగ్గించి చూసే డిస్కౌంటెడ్ పేబ్యాక్ వేసినా 15 ఏళ్లేనని దాని మీదే ఉంది.

ఆ 14.1 ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. పద్నాలుగేళ్ల లీజు 7 లక్షలు, మిగిలిన 3 లక్షలు పదిహేనో ఏడు డబ్బులో పదో వంతు, కాబట్టి 0.1 ఏడాది అట. ఆ 30 లక్షలు నెలనెలా రాలవు కదా, చెట్టు కొట్టాకే వస్తాయి!

డిస్కౌంటెడ్ లెక్క ఇంకా నమ్మకంగా కనిపిస్తుంది, నేను పడిపోయింది అక్కడే. 10 శాతం రేటుతో లీజు మొత్తానికి నేటి విలువ 3.80 లక్షలు, చివరి 30 లక్షలకు 7.18 లక్షలు, రెండూ కలిపి 10.98. అంటే మిగిలేది 98 వేలు, అదీ మూడింట రెండు వంతులు ఒకే ఒక్క చెల్లింపు మీద ఆధారపడి. రేటు 12 శాతం చేస్తే మొత్తం 8.89 లక్షలే, నేటి విలువలో చూస్తే పెట్టిన డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు.

ఇప్పుడు పన్నెండో ఏడు. మొన్న వెళ్తే చేవ సరిగ్గా పట్టలేదు, చెప్పిన పదిహేనేళ్ల మీద ఇంకో మూడేళ్లు ఆగాలన్నారు. ఈ చెట్టు పక్క మొక్కల వేర్ల నుంచి ఆహారం లాగి బతికేది, మా తోటలో ఆ తోడు మొక్కలు సగం ఎండిపోయి ఉన్నాయి. లీజేమో పదిహేనేళ్లకే ఆగిపోతుంది. అవే 30 లక్షలు పద్దెనిమిదో ఏడు వస్తే 5.40 లక్షల విలువే, మొత్తం 9.20, అంటే 80 వేలు నష్టం. దీనికితోడు నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ పర్మిషన్ ఉండాలి.

ఇంకో మాట. చివర్లో 30 బదులు నిజంగా 50 లక్షలు వచ్చే తోటైతే, 10 శాతం దగ్గర 5.77 లక్షలు మిగులుతుంది, దాని డిస్కౌంటెడ్ పేబ్యాక్ కూడా 15 ఏళ్లే! పేబ్యాక్ పదేళ్లు దాటితే వద్దనుకునేవాళ్లు ఆ మంచి తోటనూ వదిలేస్తారు. మంచిదీ చెడ్డదీ ఆ అంకెలో ఒకేలా కనిపిస్తాయి.

అందుకే ఎక్సెల్‌లో B1 లో -1000000, కింద ఏడాదికో గడి చొప్పున రాబడి, ఏమీ రాని ఏడాదికి ఖాళీ వదలకుండా 0 రాసుకుని ఇది కొట్టండి, నేటి విలువలో ఎంత మిగులుతుందో వస్తుంది:

```
=NPV(10%,B2:B19)+B1
```

B16 లో ఆ ఏడాది లీజు మాత్రం ఉంచి, చెట్ల డబ్బును B19కి జరిపి, B17, B18 లో 0 ఉంచి, రేటు 12% చేసి మళ్లీ చూడండి. ఏదో ఒకసారి మైనస్ వస్తే, ఆలస్యమైతే లీజు కొనసాగుతుందని అగ్రిమెంట్‌లో రాయించుకునేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. నా అగ్రిమెంట్‌లో ఆ లైను లేదు.