ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే స్ట్రిప్ మేలా, మష్రూమ్ ప్యాచ్ మేలా?

హైదరాబాదులో రోడ్డు పక్కన ఉండే చాలా పంక్చర్ దుకాణాల్లో, కారు ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగిందంటే చేసేది ఒకటే పని. చక్రం విప్పకుండానే మేకు లాగేసి, రంధ్రాన్ని గరుకైన సూదితో రాపాడించి, జిగురు పట్టిన రబ్బరు స్ట్రిప్‌ను బయటినుంచి దూరుస్తారు. పది నిమిషాల్లో గాలి ఆగుతుంది. రెండో పద్ధతిలో టైరును రిమ్ము నుంచి ఊడదీసి, లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ వేస్తారు. దాని కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లోపలి పొరను మూస్తుంది.

నా ఓటు రెండోదానికే. బయటినుంచి స్ట్రిప్ వేసినవారు టైరు లోపలి భాగాన్ని చూడలేదన్నది దీనికి ముఖ్య కారణం. లోపల ప్యాచ్ మాత్రమే అంటించి రంధ్రాన్ని ఖాళీగా వదిలినా చాలదు, ఎందుకంటే వాననీరు ఆ దారినే, రోడ్డును తాకే ట్రెడ్ కింది ఉక్కు తీగలకు చేరి తుప్పు పట్టిస్తుంది.

అయితే ఏ పద్ధతికైనా హద్దులున్నాయి. రంధ్రం ట్రెడ్ నడిమి భాగంలోనే ఉండాలి, 6 మిల్లీమీటర్లకు మించకూడదు. ట్రెడ్ అంచున ఉండే భుజం దగ్గర, పక్క గోడలో రబ్బరు ప్రతి చుట్టుకూ వంగుతుంది కనుక అక్కడ ఏ అతుకూ నమ్మదగినది కాదు.

నిరుటి వానాకాలంలో ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వెళ్తుండగా మా కారు వెనక టైరులో రెండు మేకులు కనిపించాయి. ఒకటి సరిగ్గా నడుమ, నిటారుగా, సుమారు 3 మిల్లీమీటర్ల మందంతో దిగింది. రెండోది అంతకన్నా సన్నం, కానీ భుజం దగ్గరి చివరి గడిలో ఉంది. దుకాణదారు "రెండింటికీ స్ట్రిప్పే చాలు సార్" అన్నాడు. చూడటానికి పెద్ద మేకే ప్రమాదంగా అనిపించినా, అసలు బాగుచేయదగినది అదొక్కటే. చిన్నదాని మూలంగా టైరు మొత్తం పక్కన పెట్టవలసి వచ్చింది, దాంతో మొదటిదానికి ప్యాచ్ వేసే అవసరమే లేకపోయింది.

మేకు సరైన చోటే ఉన్నా, గాలి తగ్గిన టైరుతో కొంతదూరం నడిపి ఉంటే లోపల చూడక తప్పదు. పక్క గోడ లోపలి వైపు నల్లటి రబ్బరు పొడి రాలినా, చుట్టూ వలయంలా గీత పడినా, ఆ గోడ నలిగిపోయిందని అర్థం. బయటినుంచి అది కనిపించదు. ఆ టైరుకు ప్యాచ్ వేయడం వృథా.

రాత్రివేళ ఔటర్ రింగురోడ్డు మీద ఆగిపోతే స్ట్రిప్ వేయించుకోవడం తప్పు కాదు, కాని దానితో నెమ్మదిగా దుకాణం దాకా వెళ్ళి టైరు విప్పించాలి. అక్కడ స్ట్రిప్ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆ సూది రంధ్రాన్ని ఇంకాస్త వెడల్పు చేసి ఉంటుంది. 6 మిల్లీమీటర్ల లెక్క మేకు మందానికి కాదు, దెబ్బతిన్న భాగాన్ని శుభ్రంగా తొలిచాక మిగిలే రంధ్రానికి.